జర్మనీ ల్యాబ్‌కి సమ్మర్ ఇంటర్న్‌షిప్ కవర్ లెటర్: అక్కడి అనుభవం సున్నా, ఏం రాయాలి?

దుగ్గిరాల_కుర్రాడు

అందరికీ నమస్కారం. నేను అగ్రికల్చరల్ ఇంజినీరింగ్ మూడో ఏడాది, ఐదో సెమిస్టర్ నడుస్తోంది. వచ్చే వేసవిలో, అంటే ఆరో సెమిస్టర్ పరీక్షలు అయ్యాక, జర్మనీలో పంటలు ఆరబెట్టే పద్ధతుల మీద పనిచేసే ఏదైనా యూనివర్సిటీ ల్యాబ్‌లో రెండు నెలలు ఇంటర్న్‌షిప్ చేయాలని ఉంది. ఇప్పటికి 41 మెయిళ్లు పెట్టాను. ఇద్దరు "ఖాళీ లేదు" అన్నారు. మిగతా 39 మంది నుంచి ఉలుకూ పలుకూ లేదు.

నా లెటర్ ఇంగ్లిష్‌లోనే ఉంది. ఇక్కడ తెలుగులోనే రాయాలని రూల్ కాబట్టి సారాంశం పెడుతున్నా:

"గౌరవనీయులైన సర్, నేను ఫలానా కాలేజీలో బీటెక్ మూడో సంవత్సరం విద్యార్థిని. ప్రపంచ ప్రసిద్ధి పొందిన మీ సంస్థలో పనిచేయడం నా చిరకాల స్వప్నం. నాకు జర్మనీలో గానీ యూరప్‌లో గానీ పనిచేసిన అనుభవం లేదు, విదేశాలకు ఎప్పుడూ వెళ్లలేదు. అయినా కష్టపడి త్వరగా నేర్చుకుంటానని హామీ ఇస్తున్నాను. నేను సోలార్ డ్రైయర్‌లో పసుపు ఆరబెట్టే ప్రాజెక్టు చేశాను. 2 కిలోల పసుపు 650 గ్రాములకు, 10 శాతం తేమకు వచ్చింది. మీ దగ్గర ఏ పని ఇచ్చినా చేయడానికి సిద్ధం. దయచేసి ఒక్క అవకాశం ఇవ్వండి."

కింద సీవీ, మార్కుల మెమోలు, ఎన్‌సీసీ సర్టిఫికెట్. అసలు లోపం "లోకల్ అనుభవం లేదు" అన్న వాక్యమేనా? అది తీసేస్తే దాచినట్టు అవుతుందేమోనని టెన్షన్.

మాస్టారు_ఏలూరు

బాబూ, ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పాను, ఇలాంటి ఉత్తరాలు ఎన్నో దిద్దాను. లెటర్ వినయంగానే ఉంది. నీ మార్కుల శాతం మొదటి పేరాలోనే రావాలి. నాన్నగారు రైతు అయితే అది కూడా రాయి, పెద్దవాళ్ల మనసు కరుగుతుంది. మీ ప్రిన్సిపాల్ గారి సిఫారసు ఉత్తరం జతచేయి. అనుభవం లేదన్నది దాచొద్దు, నిజాయితీ ముఖ్యం. ఇంకొకటి, ఒకే ఉత్తరాన్ని అందరికీ పంపకు. ఒక్కొక్కరి పని చదివి, ఒక్కొక్కరికి విడిగా రాయి.

టొరంటో_వాసు

లోకల్ ఎక్స్‌పీరియన్స్ గురించి నన్ను అడగండి! ఇండియాలో ఆరేళ్లు చేసి ఇక్కడికొస్తే, ప్రతి ఇంటర్వ్యూలో "కెనడియన్ ఎక్స్‌పీరియన్స్ ఉందా" అనే. చివరికి ఒక గోడౌన్‌లో నాలుగు నెలలు చేసి, దాన్ని రెజ్యూమెలో పైన పెట్టాక కాల్స్ వచ్చాయి. కాబట్టి తమ్ముడూ, ముందు ఏదో ఒక చిన్న పార్ట్‌టైమ్ సంపాదించు, అది చూపించి పెద్దదానికి వెళ్లు.

లత_వరంగల్

వాసు గారూ, ఆ అబ్బాయి ఇంకా దుగ్గిరాలలోనే ఉన్నాడు. జర్మనీలో పార్ట్‌టైమ్ ఎక్కడ చేస్తాడు :)

టొరంటో_వాసు

ఓ సారీ, టైటిల్ చూసి రాసేశా. కానీ బాధ ఒకటే.

స్టుట్‌గార్ట్_సుధ

నేను ఇక్కడ డ్రైయింగ్ మీదే పోస్ట్‌డాక్ చేస్తున్నాను. మా ప్రొఫెసర్‌కి వచ్చే ఇంటర్న్‌షిప్ మెయిళ్లలో చాలావరకు ముందు నాకో, మరో పీహెచ్‌డీ అబ్బాయికో ఫార్వర్డ్ అవుతాయి. కాబట్టి ఇవి చదివే మనిషిగా చెబుతున్నా, కాస్త పొడుగవుతుంది.

ముందు చిన్నది. "గౌరవనీయులైన సర్". మా గ్రూప్ హెడ్ ఆవిడ. పేజీ తెరిస్తే ఫొటో ఉంటుంది. "సర్" అన్న మెయిల్ చూడగానే ఇది అందరికీ పంపిన మెయిల్ అని అర్థమైపోతుంది, తర్వాతి లైన్ ఎవరూ చదవరు. ప్రొఫెసర్, డాక్టర్, ఇంటిపేరు, అంతే. మాస్టారు గారు చెప్పినవాటిలో విడివిడిగా రాయమన్నది నూటికి నూరుపాళ్లు కరెక్ట్. నాన్నగారి సంగతి, ప్రిన్సిపాల్ సిఫారసు మాత్రం ఇక్కడ పనిచేయవు. ప్రిన్సిపాల్ నీ పని చూడలేదు కదా. నీ ప్రాజెక్టు గైడ్ పేరు, మెయిల్ సీవీలో పెడితే చాలు.

ఇక "అనుభవం లేదు" వాక్యం. బీటెక్ మూడో ఏడాది విద్యార్థికి జర్మనీలో అనుభవం ఉంటుందని ఇక్కడ ఎవరూ అనుకోరు. ఎవరూ అడగని ప్రశ్నకి జవాబు చెప్పి, అందుకు క్షమాపణ కూడా అడుగుతున్నావు. తీసెయ్. అది దాచడం కాదు, సీవీ చూస్తేనే తెలుస్తుంది.

చదివేవాళ్లకి నిజంగా ఉండే అనుమానాలు వేరు. ఈ అబ్బాయికి కొలతలు తీయడం వచ్చా? ఏ తేదీల్లో వస్తాడు? వాళ్ల తరఫున మేం ఎన్ని కాగితాలు నింపాలి? "ఏ పని ఇచ్చినా చేస్తా" అంటే, పని వెతికే భారం నా నెత్తిన పెట్టినట్టు.

అన్నిటికంటే పెద్ద సమస్య ఇంకొకటి ఉంది, నువ్వు గమనించినట్టు లేవు. 2 కిలోలు 650 గ్రాములు అయింది, తేమ 10 శాతం అన్నావు. మొదలుపెట్టినప్పుడు తేమ ఎంత?

దుగ్గిరాల_కుర్రాడు

అక్కా, ఉడకబెట్టిన కొమ్ముల నుంచి శాంపిల్ తీసి కాలేజీ ఓవెన్‌లో 105 డిగ్రీల దగ్గర 24 గంటలు పెట్టి చూశాం. 78 శాతం వచ్చింది.

స్టుట్‌గార్ట్_సుధ

అయితే నాతో పాటు లెక్క వేయి. 2000 గ్రాముల్లో నీళ్లు 78 శాతం పోగా మిగిలే పొడి పదార్థం 440 గ్రాములు. ఆరినా అది మారదు, నీళ్లే పోతాయి. నీ చేతిలో మిగిలింది 650. అందులో 440 తీసేస్తే ఇంకా 210 గ్రాముల నీళ్లు ఉన్నట్టే. 650లో 210 అంటే 32 శాతం. 10 శాతానికి రావాలంటే 490 గ్రాముల దగ్గరికి దిగాలి. ఈ లెక్క మా ల్యాబ్‌లో ఎవరైనా అర నిమిషంలో వేస్తారు. 41 మందిలో కొందరైనా వేసి ఉంటారు.

ఆ 10 ఎక్కడిది?

దుగ్గిరాల_కుర్రాడు

(ఇది టైప్ చేయడానికి గంట పట్టింది.) యార్డులో ధాన్యం తేమ చూసే మీటర్ ఉంది కదా, తెలిసినాయన దాంట్లో నాలుగు ముక్కలు దంచి వేసి చూశారు. 10 చూపించింది. నాలుగో రోజు సాయంత్రం మబ్బు పట్టింది, మర్నాడు రివ్యూ ఉంది, అక్కడితో ఆపేశాం. నిజానికి కొమ్ము విరిస్తే టక్కుమనలేదు, వంగింది. మా తాత చూసి "ఇది ఎండిందా?" అని నవ్వాడు. రిపోర్టులో 10 అని వేశాం.

నైట్‌షిఫ్ట్_రమణ

తాతని కో-ఆథర్‌గా పెట్టాలి.

స్టుట్‌గార్ట్_సుధ

రమణ గారూ, నిజమే, తాతగారి పరీక్షే ఆ మీటర్ కంటే నయం. అది ధాన్యానికి క్యాలిబ్రేట్ చేసిన మీటర్, పసుపుకి అది చూపించే అంకెకి అర్థం లేదు. ఓవెన్ పద్ధతి కూడా మసాలా దినుసులకి పూర్తిగా సరిపోదు. వేడికి నీళ్లతో పాటు సువాసన నూనె కూడా కొంత పోతుంది, అదీ నీళ్ల కిందే లెక్కకొస్తుంది. అందుకే మసాలాలకి టోలుయీన్‌తో డిస్టిల్ చేసి నీటిని విడిగా కొలిచే పద్ధతి ఉంది. మీ కాలేజీలో లేకపోతే ఫర్వాలేదు. ఓవెన్ వాడాను, దాని పరిమితి ఇదీ అని ఒక్క మాట రాస్తే, నీకు విషయం తెలుసని అర్థమవుతుంది.

గంటగంటకీ తూకం వేశారా? ఆ షీట్ ఉందా?

దుగ్గిరాల_కుర్రాడు

ఉంది అక్కా. ఉదయం 9 నుంచి సాయంత్రం 5 దాకా ప్రతి గంటకీ. ఒక్క రీడింగ్ మాత్రం తీసేశాను. రెండో రోజు ఉదయం 9కి వేస్తే, ముందు రోజు సాయంత్రం కంటే 14 గ్రాములు ఎక్కువ చూపించింది. ఆరేది పెరగడమేంటి, కాటా తప్పు అనుకున్నా. గ్రాఫ్ అందంగా రావాలని కొట్టేశా.

మాస్టారు_ఏలూరు

రాత్రి గాలిలో తేమ పీల్చుకుని ఉంటుంది బాబూ. ఉప్పు చెమ్మగిల్లదూ? అలాగే.

స్టుట్‌గార్ట్_సుధ

మాస్టారూ, బాగా ఎండిన పసుపైతే మీరన్నట్టే జరుగుతుంది. కానీ మొదటి రోజు సాయంత్రానికి అందులో ఇంకా బోలెడు నీళ్లున్నాయి, అంత తడి కొమ్ము గాలి నుంచి పీల్చుకోదు, ఇంకా వదులుతూనే ఉంటుంది. తమ్ముడూ, రాత్రి డ్రైయర్ మూసి ఉంచారా? పైన ప్లాస్టిక్ షీటేనా?

దుగ్గిరాల_కుర్రాడు

అవును, పాలిథీన్. రాత్రి ఫ్యాన్ ఆగిపోతుంది, చిన్న సోలార్ ప్యానెల్ మీద నడిచేది. పొద్దున షీటు లోపలివైపు బొట్లు బొట్లుగా ఉండేవి. గుడ్డతో తుడిచేవాళ్లం.

స్టుట్‌గార్ట్_సుధ

అవే కొమ్ముల మీద పడి ఉంటాయి. ఖాయంగా చెప్పలేను, కాటా జరిగి కూడా ఉండొచ్చు. కానీ ఆ 14 గ్రాములే నీ దగ్గరున్న అసలు సరుకు. సోలార్ టన్నెల్ డ్రైయర్‌లో రాత్రి ఏం చేయాలన్నది నిజమైన ప్రశ్న. ఫ్యాన్ ఎండతో నడుస్తుంది కాబట్టి సూర్యుడు దిగగానే గాలి ఆగుతుంది, లోపలి ఆవిరి షీటుకి పట్టేస్తుంది. ఆ డ్రైయర్ రకం అసలు ఇక్కడి హోహెన్‌హైమ్ యూనివర్సిటీలో రూపొందింది, ఎండ బాగా కాసే దేశాల కోసం. మీరు కట్టింది దాని చిన్న నమూనా. అంటే నువ్వు "లోకల్ అనుభవం లేదు" అంటున్నావు గానీ, ఇక్కడ గీసిన డిజైన్ అక్కడి ఎండలో, అక్కడి మంచులో ఎలా నడుస్తుందో నీ చేత్తో తుడిచి చూశావు. ఇక్కడి విద్యార్థికి ఆ అవకాశం లేదు.

మా ల్యాబ్‌లో హాప్స్ ఆరబెడతారు, బీరులో వేసే పువ్వు. ఆరబెట్టాలి, సువాసన నూనె మాత్రం పోకూడదు. పసుపుది అచ్చంగా అదే తలనొప్పి. ఎవరికి రాస్తున్నావో వాళ్ల పంట ఏమిటో చూసి, నీ పసుపుకి, దానికి ఉన్న ఈ లింకు ఒక వాక్యంలో చెప్పు. "ప్రపంచ ప్రసిద్ధి పొందిన మీ సంస్థ" అన్నచోట అది పెట్టు.

లత_వరంగల్

కాగితాల సంగతి నేను చెబుతా. నేను యూనివర్సిటీలో కాదు, మూడేళ్ల క్రితం ఒక యంత్రాల కంపెనీలో చేశాను. కంపెనీ పేరు చెప్పను. లెటర్ నచ్చింది, వీడియో కాల్ అయింది, అంతా ఓకే అన్నారు, తర్వాత నెలన్నర సైలెన్స్. విషయం ఏంటంటే, విదేశాల్లో చదివే విద్యార్థి జర్మనీకి ఇంటర్న్‌గా రావాలంటే అక్కడి ఉపాధి సంస్థ అనుమతి కావాలి. అది కంపెనీ వాళ్లే ముందుగా తీసుకోవాలి. చదువుకి సంబంధించిన పనే అయి ఉండాలి, నాలుగు సెమిస్టర్లు పూర్తయి ఉండాలి. వాళ్ల హెచ్‌ఆర్ ఆవిడకి ఇదంతా కొత్త. నాకూ కొత్త. తెలిసేసరికి జూన్ వచ్చేసింది, ఆగస్టులో వెళ్లి ఒక సెమిస్టర్ క్లాసులు పోగొట్టుకున్నా.

ఆ తర్వాత నా జూనియర్‌కి లెటర్ రాసిపెట్టినప్పుడు చివర రెండు లైన్లు చేర్చాం: "నేను నాలుగు సెమిస్టర్లు పూర్తి చేశాను, ఈ ఇంటర్న్‌షిప్ మా కోర్సులో క్రెడిట్లు ఉన్న భాగం, మా డిపార్ట్‌మెంట్ లెటర్ జతచేశాను. ముందస్తు అనుమతికి నా వైపు కాగితాలు సిద్ధంగా ఉన్నాయి." అంతే. వాళ్లకి భయం తగ్గింది.

ఇంకోటి, మూడు నెలలు దాటకుండా అడుగు. కోర్సులో తప్పనిసరి కాని ఇంటర్న్‌షిప్ మూడు నెలలు దాటితే కంపెనీ కనీస వేతనం ఇవ్వాలి, అక్కడ వెనక్కి తగ్గుతారు.

నైట్‌షిఫ్ట్_రమణ

డబ్బు సంగతి ఎవరూ మాట్లాడరేంటి? "నా ఖర్చులు నేనే పెట్టుకుంటా" అని రాస్తే వెంటనే తీసుకుంటారు. మా కజిన్‌ని అలాగే తీసుకున్నారు.

దుగ్గిరాల_కుర్రాడు

అన్నా, మా వల్ల కాదు. టికెట్‌కే అప్పు చేయాలి.

స్టుట్‌గార్ట్_సుధ

లేనిది ఉందని రాయొద్దు, వీసా దగ్గర ఖర్చులకి డబ్బు ఎక్కడిదో చూపించమంటారు, అక్కడ బయటపడుతుంది. జర్మనీ విద్యా మార్పిడి సంస్థ డాడ్ వాళ్ల వైజ్ స్కాలర్‌షిప్ ఉంది, ఇండియా ఇంజినీరింగ్, సైన్స్ విద్యార్థుల కోసమే. కానీ అన్ని కాలేజీల వాళ్లకీ వర్తించదు, వాళ్ల జాబితాలో మీ కాలేజీ ఉందో లేదో ముందు చూసుకో. దానికి ప్రొఫెసర్ నుంచి ఆహ్వాన లేఖ ముందే కావాలి, గడువు ముందటి ఏడాది చివర్లోనే అయిపోతుంది. అందుకే జనవరిలో రాసే మెయిళ్లు చాలావరకు వృథా. నువ్వు ఇప్పుడే రాయడం మంచిదైంది.

లత_వరంగల్

నేనైతే మొదటి మెయిల్‌లో డబ్బు ఊసే ఎత్తొద్దంటా. ముందు మనిషి నచ్చాలి.

స్టుట్‌గార్ట్_సుధ

ఇక్కడ మనకి పడదు లతా :) నాకైతే "స్కాలర్‌షిప్‌కి అప్లై చేస్తున్నాను, మీ ఆహ్వాన లేఖ అవసరం" అని మొదటే ఉంటే నయం. లేకపోతే జీతం అడుగుతారేమోనని ప్రొఫెసర్లు జవాబే ఇవ్వరు. కంపెనీలకి నీ పద్ధతి కరెక్టేమో.

దుగ్గిరాల_కుర్రాడు

మూడు రోజులు కూర్చుని మళ్లీ రాశాను. ఇంగ్లిష్‌లో ఒక పేజీ లోపే. తెలుగులో:

"ప్రొఫెసర్ డాక్టర్ (ఇంటిపేరు) గారికి. మీ గ్రూప్ హాప్స్ ఆరబెట్టేటప్పుడు ఉష్ణోగ్రతని బట్టి సువాసన నూనె ఎంత మిగులుతుందో చూసిన పేపర్ చదివాను. మా ప్రాంతంలో పసుపుకి ఇదే సమస్య.

గత మార్చిలో మేం ముగ్గురం కలిసి ఒక చిన్న సోలార్ టన్నెల్ డ్రైయర్ కట్టి, ఉడికించిన పసుపు 2 కిలోలు నాలుగు రోజులు ఆరబెట్టాం. నా పని ప్రతి గంటా తూకం, ఉష్ణోగ్రత నమోదు చేయడం. తేమ 78 శాతం నుంచి లెక్క ప్రకారం 32 శాతానికి వచ్చింది. మబ్బు పట్టడంతో 10 శాతం లక్ష్యం చేరకుండానే ఆపాల్సి వచ్చింది. రెండో ఉదయం బరువు 14 గ్రాములు పెరిగింది. రాత్రి ఫ్యాన్ ఆగాక షీటుకి పట్టిన నీరు కారిందని అనుకుంటున్నాం, ఇంకా నిర్ధారించలేదు. జనవరిలో కొత్త పంట రాగానే రాత్రిళ్లు కొమ్ముల్ని వేరే డబ్బాలో ఉంచి మళ్లీ చేస్తాం. తూకాల షీట్ జతచేశాను.

మీ ఆరబెట్టే ప్రయోగాల్లో కొలతలు తీసి విశ్లేషించే పనిలో జూన్ 1 నుంచి జూలై 31 వరకు చేరాలని కోరుతున్నాను. నాలుగు సెమిస్టర్లు పూర్తయ్యాయి, ఇంటర్న్‌షిప్ మా కోర్సులో భాగం, డిపార్ట్‌మెంట్ లెటర్ సిద్ధంగా ఉంది. స్కాలర్‌షిప్‌కి దరఖాస్తు చేస్తున్నాను, అందుకు మీ ఆహ్వాన లేఖ కావాలి. జర్మన్ ఏ1 చదువుతున్నాను, పని ఇంగ్లిష్‌లో చేయగలను."

మా కాలేజీ ఆ జాబితాలో ఉందో లేదో ఇంకా తేలలేదు, మా హెచ్‌ఓడీ గారు కనుక్కుని చెబుతానన్నారు.

మాస్టారు_ఏలూరు

ఒక్క మాట. లక్ష్యం చేరలేదని మనమే రాసుకోవడం నాకు మింగుడుపడటం లేదు. పరీక్షలో తప్పిన సబ్జెక్టు గురించి ఎవరైనా చాటింపు వేస్తారా? అడిగితే చెప్పొచ్చు.

స్టుట్‌గార్ట్_సుధ

మాస్టారూ, షీట్ జతచేశాడు కదా, చివరి అంకె 650 కనపడుతుంది. వాళ్లు లెక్క వేసుకునే లోపే మనం చెప్పడం నయం. కాకపోతే మీ మాటలో కొంత నిజముంది: కంపెనీ హెచ్‌ఆర్‌కి రాసేటప్పుడు ఇంత వివరం అక్కర్లేదు, వాళ్లు లెక్క వేయరు.

తమ్ముడూ, చిన్న సవరణ: "లెక్క ప్రకారం" పక్కన "మొదటి తేమ ఓవెన్ పద్ధతిలో" అని చేర్చు. కొట్టేసిన రీడింగ్ షీట్‌లో వెనక్కి పెట్టావా?

దుగ్గిరాల_కుర్రాడు

పెట్టాను అక్కా, ఎర్ర రంగులో.

దుగ్గిరాల_కుర్రాడు (పన్నెండు రోజుల తర్వాత)

అప్‌డేట్. ఈసారి ఆరుగురికే పంపాను, ఒక్కొక్కరికీ మొదటి పేరా వేరుగా. ఒకరు ఈ వేసవి ఎవరినీ తీసుకోవట్లేదన్నారు. ఇంకో ల్యాబ్ నుంచి ప్రొఫెసర్ కాదు, పీహెచ్‌డీ చేసే అబ్బాయి రాశాడు. ఒకే ఒక్క ప్రశ్న: "ట్రేల మీద గాలి వేగం ఎంత ఉంది?" అవునూ కాదూ ఏమీ చెప్పలేదు. మేం గాలి వేగం కొలవలేదు అక్కా. ఫ్యాన్ డబ్బా మీద ఏదో అంకె ఉంది, అది రాసేయనా?

స్టుట్‌గార్ట్_సుధ

వద్దు. డబ్బా మీది అంకె ఏ అడ్డూ లేకుండా ఫ్యాన్ తిరిగినప్పటిది, ట్రేలు పెట్టాక అంత రాదు. పైగా మీది సోలార్ ప్యానెల్ మీద నడిచేది, ఎండని బట్టి మారుతూ ఉంటుంది. కొలవలేదని రాయి. జనవరిలో ట్రే దగ్గర మూడు చోట్ల, ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం కొలుస్తామని రాయి. మీ డిపార్ట్‌మెంట్‌లో ఎనిమోమీటర్ ఉంటుంది, లేకపోతే సివిల్ వాళ్లనో మెకానికల్ వాళ్లనో అడుగు. ఈ రోజే జవాబివ్వు, ఇక్కడ శుక్రవారం మధ్యాహ్నం దాటితే సోమవారం దాకా ఎవరూ చూడరు.

నైట్‌షిఫ్ట్_రమణ

టైమ్ చూడు తమ్ముడూ, మనకి రెండున్నర అంటే వాళ్లకి ఇంకా పొద్దునే.

దుగ్గిరాల_కుర్రాడు

పంపించేశా. మెకానికల్ ల్యాబ్‌లో ఎనిమోమీటర్ ఉందట, బ్యాటరీ మాత్రం మనమే కొనుక్కోవాలట.